చెప్పినట్టు, చెప్పబట్టి

"దిద్దవే. కానీ నీ అచ్చాఫీసు భాష నా నోట్లో పెట్టకు. విన్నవాళ్ళు నేనే మాట్లాడాననుకోవాలి" అంటూ అన్నయ్య నాలుగు కాగితాలు నా ముందు పడేశాడు.

మర్నాడు బ్యాంకులో అన్నయ్యకు వీడ్కోలు సభ. బ్యాంకు గుమాస్తాగా చేరినవాడు గుమాస్తాగానే దిగిపోతున్నాడు. నేను అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. మా ఆయన పోయినప్పటి నుంచీ అన్నయ్య ఇంట్లోనే ఉంటున్నాను. నా చేతిలో ఎర్రపెన్ను చూస్తే అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ మంటే.

మొదటి వాక్యానికే నాకు తల తిరిగిపోయింది. "నా యొక్క ప్రియమైన మేనేజరు గారికి మరియు నా యొక్క సహోద్యోగులకు మరియు విచ్చేసిన పెద్దలకు నా యొక్క కృతజ్ఞతులు!!!"

"ఈ 'యొక్క'లు ఏమైనా ఊరికే పంచిపెడుతున్నారా అన్నయ్యా?"

"మర్యాదగా ఉంటుందని రాశానే."

"మర్యాద కాదు, నత్తి." యొక్కలన్నీ కొట్టేశాను. కృతజ్ఞతులను కృతజ్ఞతలు చేశాను. మూడు ఆశ్చర్యార్థకాల చోట ఒక్క చుక్క పెట్టాను. "మేనేజరుగారికీ, తోటివాళ్ళకూ, వచ్చిన పెద్దలకూ కృతజ్ఞతలు" అని చదివి వినిపిస్తే, ఇంతేనా అన్నట్టు మొహం పెట్టాడు.

"నాచే ఈ శాఖకు సేవ చేయబడినది" అన్నదాన్ని "ఈ శాఖలో పనిచేశాను" అని మార్చాను. "నేనూ క్యాషియరూ కలిసి టీ తాగేవాడిని" దగ్గర నవ్వు ఆగలేదు. ఇద్దరు తాగితే తాగేవాళ్ళం అవుతుంది కదా. "టీ డబ్బులు ఎప్పుడూ నేనే ఇచ్చేవాణ్ణి, అందుకే అలా పడింది" అన్నాడు.

కొన్ని ముట్టుకోలేదు. "కంప్యూటరు మొరాయిస్తే నన్ను తిట్టేవాళ్ళు, బాగైతే కంప్యూటరును మెచ్చుకునేవాళ్ళు." "కౌంటరు కింద కాళ్ళు చాపుకునే చోటు దొరికింది, దాంతోనే ఇల్లు నడిచింది." ఇవి వ్యాకరణానికి లొంగకపోయినా వదిలేసేదాన్నే. అదృష్టం, లొంగాయి. వాటిని తీసేసి "చిరస్మరణీయం" అని పెట్టమంటాడేమోనని భయపడ్డాను. అనలేదు.

మూడో కాగితం తీయబోతుంటే దాని మీద చెయ్యి పెట్టాడు. "ఇది జాగ్రత్తగా చూడు. దీని కోసమే మాట్లాడుతున్నాను. పిచ్చుక వాళ్ళమ్మను రమ్మన్నాను."

పిచ్చుక అంటే అన్నయ్య పక్క కౌంటర్లో చేసిన పిల్ల. గలగలా మాట్లాడేదని ఆ పేరు పెట్టింది అన్నయ్యే. ఆ పిల్ల అన్నయ్యను బాబాయ్ అనేది. ఓసారి ఎవరో దొంగ సంతకంతో చెక్కు తెచ్చారు. చెక్కు మీది సంతకాన్ని బ్యాంకు దగ్గరున్న నమూనా సంతకంతో పోల్చి చూశాకే పాస్ చేయాలి. అప్పటి మేనేజరు ఆ రోజు కౌంటరు దగ్గరికే వచ్చి, "తెలిసిన పార్టీయే, నమూనా చూడక్కర్లేదు, పాస్ చేసెయ్" అన్నాడు. అన్నయ్య చెవులారా విన్నాడు. మోసం బయటపడ్డాక మేనేజరు తానేమీ అనలేదన్నాడు, ఆ పిల్లే చూడకుండా పాస్ చేసిందన్నాడు. విచారణలో పిచ్చుక ఉద్యోగం పోయింది. ఆ ఏడాదే ఆ పిల్ల తన ప్రాణం తానే తీసుకుంది.

"నిజం రాసిచ్చాను, బుట్టలో పడేశారు" అని అన్నయ్య ఇన్నేళ్ళూ కుమిలిపోతూనే ఉన్నాడు. వాళ్ళమ్మ వీధిలో ఎదురుపడితే మొహం తిప్పుకునేది. ఎందుకో అన్నయ్యకు అర్థమయ్యేది కాదు. రేపు ఆ మేనేజరే పెద్ద ఆఫీసరు హోదాలో వేదిక మీద కూర్చుంటాడు. ఆయన ముందు, ఆ తల్లి వినేలా, తన నోటితో ఆ నిజం చెప్పాలని అన్నయ్య పట్టుదల.

కాగితం చదివాను. "మేనేజరుగారు చెప్పినట్టు ఆ అమ్మాయి నమూనా చూడకుండా చెక్కు పాస్ చేసింది."

"ఇదేంటన్నయ్యా, ఆయన మాటకే వంత పాడావు?"

"వంతేంటే? ఆయన చెప్పాడు, ఆ పిల్ల చేసింది. అదేగా రాశాను!"

"చెప్పినట్టా, చెప్పబట్టా? 'చెప్పినట్టు' అంటే రెండు రకాలుగా వస్తుంది. ఆయన చేయమన్నట్టు చేసింది అని నువ్వనుకుంటున్నావు. చదివేవాడికి, ఆయన విచారణలో చెప్పింది నిజమే, ఆ పిల్ల చూడలేదు అని వస్తుంది. 'పాస్ చేయమని మేనేజరుగారు చెప్పబట్టే' అనాలి."

అన్నయ్య కాగితం లాక్కుని పైకి చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం కింద పెట్టేశాడు.

"ఏమైంది?"

"విచారణలో కూడా ఇదే రాసిచ్చానే. అక్షరం పొల్లుపోకుండా ఇదే. మొదట్నుంచీ మనసులో ఉన్న వాక్యం ఇది."

అడగకుండా ఆ ఒక్క మాటా దిద్దేసి ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! నా నోటికి ఊరుకోవడం చేతకాదు.

"బుట్టలో పడేశారనుకున్నాను" అన్నాడు. "పడేయలేదన్నమాట. చక్కగా వాడుకున్నారు."

"నీ ఉద్దేశం అది కాదుగా అన్నయ్యా."

"ఉద్దేశాన్ని ఎవరు చదువుతారే? అప్పుడు నీకు చూపించినా బాగుండేది. బ్యాంకు కాగితం ఇంట్లో చూపించకూడదని బిగుసుకుని కూర్చున్నాను." తర్వాత పెన్ను తీసుకుని తానే దిద్దుకున్నాడు. "చెప్పబట్టే"లో టకు ఒత్తు సరిగా పడలేదు. నేను సరిచేయబోతే వద్దన్నాడు.

మర్నాడు సభలో గోడ గడియారం ఒకటి బహుమతి ఇచ్చారు. పెద్ద ఆఫీసరు అన్నయ్య నిజాయితీ గురించి తెగ పొగిడాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిచ్చుక వాళ్ళమ్మ చివరి వరుసలో, తలుపు పక్కన కూర్చుంది.

అన్నయ్య చదివాడు. కంప్యూటరు మాటకు అందరూ నవ్వారు. ఆ వాక్యం దగ్గర గొంతు పెంచి, ఒత్తి పలికాడు. "పాస్ చేయమని మేనేజరుగారు చెప్పబట్టే ఆ అమ్మాయి నమూనా చూడకుండా చెక్కు పాస్ చేసింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. నేను పక్కనే ఉన్నాను, విన్నాను."

పిడుగు పడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. కొందరు అప్పటికే ఫోన్లు చూసుకుంటున్నారు. క్యాషియరు తల దించుకున్నాడు. కొత్తవాళ్ళకు అసలు ఎవరి గోలో తెలియదు. ఆఫీసరు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టాడు. ఆయన కొట్టాడని హాలంతా కొట్టింది. ఛీ, అనుకున్నాను.

అందరూ ఫొటోలకు లేచారు. ఆ తల్లి మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"చెప్పబట్టే అన్నాడు కదమ్మా?"

"అవునండీ."

"అప్పుడు చెప్పినట్టు అని రాశాడు. ఆ కాగితం నకలు మాకిచ్చారు. మా పిల్ల ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏడ్చేది. మేనేజరు అబద్ధం చెబితే చెప్పాడు, బాబాయ్ కూడా ఇలా రాశాడేంటమ్మా అని." చీర కొంగుతో మూతి తుడుచుకుంది. కోపం లేదు. ఉన్నా బాగుండేది. "ఇప్పుడెవరు దిద్దారు దాన్ని?"

"నేనేనండీ."

"అప్పుడెక్కడున్నావమ్మా?"

అన్నయ్య గడియారం చంకలో పెట్టుకుని నా వెనకే నిలబడి ఉన్నాడు. విన్నాడు. ఆమె మా ఇద్దరిలో ఎవరో ఒకరు జవాబు చెబుతారని చూస్తోంది.

"ఇంట్లోనేనండీ" అన్నాను. "పక్క గదిలోనే."