పద్నాలుగో పేజీలో చెయ్యి

ఎడిటరమ్మ దగ్గర ఒక అలవాటు ఉంది. పిల్లల బొమ్మల పుస్తకం ఏది తెచ్చినా, నమూనా ప్రతిలోని మాటలన్నిటి మీదా తెల్ల కాగితం ముక్కలు అంటించేస్తుంది. ఆ తరువాత దాన్ని పిల్లల ముందు పెట్టి, కథ వాళ్ళనే చెప్పమంటుంది. "మాట నోరు మూస్తేనే బొమ్మ నోరు విప్పుతుందయ్యా" అంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆ పరీక్ష నెగ్గని పుస్తకం ఆమె చేతి మీదుగా అచ్చుకి పోలేదు.

ఆ శనివారం పొద్దున లైబ్రరీలో పిల్లల గది చాప మీద పదకొండుమంది కూర్చున్నారు. వెనక చిన్న కుర్చీలో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా, బొమ్మలాయన ఇరుక్కుని ఉన్నాడు. పక్కింటివాళ్ళకి కూడా అతను బొమ్మలాయనే. తెచ్చింది పిల్లలకి డబ్బు సంగతి నేర్పే ఐదు పుస్తకాల వరస. కావాలనిపించడం వేరు, అవసరం వేరు అని చెప్పేది మొదటిది. ఖర్చుకీ, దాచుకోడానికీ, ఇంకొకరికి ఇవ్వడానికీ మూడు డబ్బాలు పెట్టుకోవడం రెండోది. ఆగితే ఏమొస్తుందన్నది మూడోది. కొనేముందు రెండు చోట్ల ధర అడగడం నాలుగు, పోగొట్టుకున్న నాణెం నించి ఏం నేర్చుకోవాలో ఐదు. ఎడిటరమ్మ సరేనంటే రెండేళ్ళు పని. కాదంటే మళ్ళీ పెళ్ళి కార్డుల మీద పువ్వులు గీసుకోవడమే.

మూడో పుస్తకం మీదే అతని ఆశంతా. అందులో పాప తన రేకు డబ్బాలో వారానికో నాణెం వేస్తుంది, తియ్యదు. అలా ఆగినందుకు మెచ్చి, ఒక రాత్రి పాప నిద్రపోతుంటే వాళ్ళ నాన్న ఇంకో నాణెం కలుపుతాడు. పద్నాలుగో పేజీ అదే. డబ్బా, దాని మీద నాన్న చెయ్యి, వేళ్ళ మధ్య నాణెం. ఆ చేతిని అతను అద్దం ముందు తన చెయ్యి పెట్టుకుని గీశాడు. వంకర చిటికెన వేలితో సహా.

డబ్బా కూడా నిజమైనదే. కూతురిది. చిట్టికి ఏడేళ్ళు. పొద్దున అడిగి తెచ్చాడు. "పిల్లలకి చూపించాలే తల్లీ" అంటే, కాస్త ఆగి, సరే అంది. ఊపితే గలగలమంది. ఆ గలగల విన్నప్పుడల్లా అతనికి ఛాతీ ఒక అంగుళం పెరిగేది. నా పిల్లకి నేర్పాను, లోకానికీ నేర్పుతాను అనుకునేవాడు. ఇప్పుడు చిట్టి ముందు వరసలో కూర్చుని ఉంది, డబ్బా ఒళ్ళో పెట్టుకుని.

ఎడిటరమ్మ పేజీలు తిప్పుతోంది. పిల్లలు చక్కగానే చెప్పుకొస్తున్నారు. పాపకి సైకిల్ గంట కావాలిట. డబ్బులు వేసుకుంటోందిట. వేసుకుంటూనే ఉందిట. పద్నాలుగో పేజీ తిరిగింది.

"దొంగ!" అన్నాడు ముందు పళ్ళూడిన పిల్లాడొకడు.

"దొంగ కాదురా మొద్దూ, వాళ్ళ నాన్న. చొక్కా చూడు, ముందు పేజీలోదే!"

"నాన్నే. డబ్బులు తీసుకుంటున్నాడు. పాప నిద్రపోయిందిగా, అందుకని."

బొమ్మలాయన కుర్చీలోంచి సగం లేచాడు. "తియ్యట్లేదమ్మా, వేస్తున్నాడు. సరిగ్గా చూడండి."

"కూర్చోవయ్యా!" అంది ఎడిటరమ్మ. "పుస్తకం అమ్మాక ప్రతి ఇంటికీ వెళ్ళి చెబుతావా ఏంటి? ఎంతమందికి తీస్తున్నట్టుంది? చేతులెత్తండి."

పది చేతులు లేచాయి.

అతను బొమ్మ వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు. బొమ్మల పుస్తకంలో కదలిక ఎడమ నించి కుడికి పోతుంది, పేజీ తిప్పే వైపుకి. వచ్చే చెయ్యి ఎడమ నించి రావాలి. కొత్తగా బొమ్మలు నేర్చుకునేవాళ్ళకి అతనే చెప్పే పాఠం అది. ఇక్కడ చెయ్యి కుడి అంచు నించి వచ్చింది. మోచెయ్యి అప్పటికే వెనక్కి మడిచి ఉంది, పని అయిపోయిన చెయ్యిలాగ. అరచెయ్యి పైకి తిరిగి, నాణెం వేళ్ళ లోపలికి దాగి ఉంది. వెయ్యడానికి వచ్చిన చెయ్యి అలా ఉండదు. అలా ఉండే చెయ్యి ఎవరిదో అతని చేతికి తెలుసు.

చిట్టి డబ్బాలోంచి తను నాణేలు తీసుకోవడం గుర్తొచ్చింది. మూడుసార్లు. ఒకసారి బస్సుకి, ఒకసారి రంగు సీసాకి, ఒకసారి ఎందుకో గుర్తు కూడా లేదు. వచ్చే వారం పెట్టేద్దాం అనుకున్నాడు. పెట్టేశానని కూడా అనుకున్నాడు. అనుకోవడంలోనే తీరిపోయే బాకీలుంటాయి మనిషికి. రెండు నెలలుగా ముట్టుకోలేదు కదా అని తనని తాను మెచ్చుకున్నాడు కూడా. బుద్ధి మరిచిపోయింది. అద్దం ముందు నిలబడ్డ చెయ్యి మాత్రం తనకి అలవాటైన పనే చేసి చూపించింది.

ఎత్తని చెయ్యి ఒక్కటే. చిట్టిది.

"నువ్వేమంటావు బంగారూ?" అంది ఎడిటరమ్మ.

"తీస్తున్నాడు. కానీ దొంగ కాదు. మళ్ళీ పెడతాననుకుంటాడు." చిట్టి బొమ్మకి దగ్గరగా జరిగి, వేలితో తాకింది. "ఇది మా నాన్న వేలు."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. బొమ్మలాయన నవ్వబోయాడు, మొహం సహకరించలేదు.

"మరి నీ డబ్బాలో ఎన్నున్నాయే?" అన్నాడు పళ్ళూడినవాడు. అడగడంతో ఆగక, లాక్కుని మూత తీసేశాడు.

చాప మీద గుమ్మరించాడు. ఒక్క నాణెమూ లేదు. అన్నీ బొత్తాలు. చొక్కా బొత్తాలు, కోటు బొత్తాలు, ఒక విరిగిన పక్కపిన్ను.

"అయ్యో, ఇదేంటి!" అని నవ్వారు పిల్లలు.

చిట్టి నవ్వలేదు, సిగ్గుపడలేదు. ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పింది: "బొత్తాలైతే ఎవరికీ పనికిరావు కదా. చప్పుడూ వస్తుంది, నాన్నకీ బాగుంటుంది. నాణెం ఇవ్వగానే నేను ఏదో ఒకటి కొనుక్కు తినేస్తా. తినేసింది ఎవరూ తియ్యలేరు."

రెండు నెలలుగా గర్వంగా విన్నది బొత్తాల చప్పుడు. పిల్ల ఆగడం నేర్వలేదనుకుంటే తప్పు. లెక్క సరిగ్గానే నేర్చుకుంది. ఆగినవాళ్ళకి ఏం మిగిలిందో చూసి, ఆగడం మానేసింది. అతను ఐదు పుస్తకాలు రాసి మాన్పించాలనుకున్న అలవాటుని, ఒక్క మాటా అనకుండా, ఇంట్లోనే నేర్పి పెట్టాడు.

పిల్లలు వెళ్ళాక ఎడిటరమ్మ కళ్ళజోడు తుడుచుకుంది. అతనే అన్నాడు. "చెయ్యి మార్చి గీస్తానమ్మా. ఎడమవైపు నించి."

"మార్చావంటే వరస మొత్తం చెత్తబుట్టలోకే." ఆమె పద్నాలుగో పేజీని గోటితో తట్టింది. "నువ్వు తెచ్చిన నూట అరవై పేజీల్లో నిజమైంది ఇదొక్కటే. పెద్దవాళ్ళు మాట నిలబెట్టుకోని ఇంట్లో, ఆగమ్మా ఆగమ్మా అంటే పిల్లలెందుకు ఆగుతారు? వాళ్ళేం వెర్రివాళ్ళా? దీని తరవాత, పాప లేచి మురిసిపోయే పదిహేనో పేజీయే అబద్ధం. నిజమైనది గీసుకురా, అప్పుడు ఒప్పందం మీద సంతకం మాట చూద్దాం. ఒక నెల గడువు."

బయట మెట్ల మీద చిట్టి బొత్తాలని రంగుల వారీగా పేర్చి, మళ్ళీ డబ్బాలో వేసుకుంటోంది. అతను పక్కన కూర్చున్నాడు.

"మూడుసార్లు తీశాను తల్లీ."

"నాలుగు" అంది చిట్టి, తలెత్తకుండా.

నాలుగోది అతనికి నిజంగా గుర్తులేదు. వెతికాడు, దొరకలేదు. అదే అతన్ని అన్నిటికన్నా భయపెట్టింది.

"తరవాత పేజీలో ఏం గియ్యమంటావు?"

చిట్టి ఆలోచించింది. "పాప మేలుకుని ఉండాలి. నాన్న అడగాలి. పాప వద్దంటే తియ్యకూడదు."

"అంతేనా?"

"తీస్తే, పాప చూస్తుండగా పెట్టెయ్యాలి."

అతను జేబులోంచి నాలుగు నాణేలు తీసి అరచేతిలో పెట్టి చాపాడు. చిట్టి నాణేల వంక చూడలేదు. చిటికెన వేలి వంకే చూసింది, అది మళ్ళీ మడుచుకుంటుందేమోనని. ఒక్కొక్కటే తీసుకుని డబ్బాలో వేసింది. చప్పుడు మారింది.

"బొత్తాలు తీసేద్దామా మరి?"

"వద్దు నాన్నా" అంది చిట్టి, మూత నొక్కిపెట్టి. "కొన్నాళ్ళు ఉండనీ."