వంటింటి ముందు ప్రసంగం

మా చిక్కడపల్లి కతోలిక గుడిలో ఉపదేశిగా, అంటే ఫాదర్లకు చేదోడుగా ఉండి జపాలు నేర్పేవాడిగా, నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు. వాటిలో సగం కళ్లు మూసుకుని విన్నాను. ధ్యానమని జనం అనుకునేవారు, నేనూ కాదనలేదు. తొంభై ఆరులో గుంటూరు వైపు నుంచి బాలశౌరి ఫాదర్ గారు కొత్తగా వచ్చినప్పుడు, ఈయనా మరో నాలుగు మంచి మాటలు చెప్పి పోయే మనిషే అనుకున్నాను.

ఏటా మే ఒకటో తారీఖున మా దగ్గర శ్రామికుల జోజప్ప గారి పండుగ. ఏసు ప్రభువును పెంచిన తండ్రి జోజప్ప గారు వడ్రంగి కదా, అందుకని ఆ రోజు కూలీనాలీ జనమంతా తమ పనిముట్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. తాపీలు, పారలు, సుత్తెలు, గంపలు. ఫాదర్ గారు వాటి మీద తీర్థం చల్లి దీవిస్తారు. పూజ అయ్యాక వెనక పెరట్లో అందరికీ భోజనం. ఆ వంట మాసమ్మది.

మాసమ్మది పాలమూరు. భర్త పోయాక బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుంది. పొద్దున అశోక్‌నగర్‌లో రెండిళ్లలో ఊడ్చి, గిన్నెలు తోమి, ఆ తరువాత ఫాదర్ గారి బంగ్లాకు వచ్చి వంట చేసేది. ఆమె పప్పు పెడితే నారాయణగూడ హోటళ్లు మూసుకోవలసిందేనని నేనంటే, "నువ్వు జర తక్కువ తిని ఎక్కువ పొగుడు పంతులూ" అనేది. నేను ఉపదేశిని, పంతులును కానని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నేను పంతులునే.

పండుగ వారం ఉందనగా ఫాదర్ గారు ప్రసంగం రాసుకుని వరండాలో నాకు వినిపించారు. ఆయన పద్ధతి అది. ముందు ఆ రోజు సువార్త చదువుకుంటారు, అందులో ఒక్క సంగతి పట్టుకుంటారు, దాన్ని విప్పి చెబుతారు, చివర ఇంటికి తీసుకుపోయేందుకు ఒక పని చెబుతారు. రాసింది ఎవరికో ఒకరికి వినిపించకుండా పీఠం ఎక్కరు. పని పవిత్రమైనదని, చీపురు పట్టినా కలం పట్టినా దేవుని ముందు ఒకటేనని, ఓపికగా నమ్మకంగా చేయాలని చక్కగా రాశారు. నేను తల ఊపాను. పక్కన బియ్యం ఏరుతున్న మాసమ్మ ఊపలేదు.

"నీకు నచ్చలేదా మాసమ్మా?" అన్నారు ఫాదర్ గారు.

"మంచిగనే ఉంది ఫాదర్. మా అశోక్‌నగర్ అమ్మ గుడ గిట్లనే చెప్తది. ఏ పనైనా గొప్పదే మాసమ్మా, జర గిన్నెల అడుగులు మంచిగ తోము అని."

నేను ఆమె మీద కోప్పడబోయాను. ఫాదర్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "మరి ఏం చెప్పాలి?" అని అడిగారు.

"నాకేం ఎర్క? నేను ఎన్నడన్న ఇన్ననా? పండుగ నాడు మీరు గుళ్లె చెప్తరు, నేను పొయ్యి కాడ ఉంట. ఈసారన్న నన్ను కూసోబెట్టు ఫాదర్. అందరిలెక్క కూసోని ఇంట. గదొక్కటి చాలు."

"ముందు వరసలో కూర్చుంటావు. నాది మాట" అన్నారాయన. మాసమ్మ ముఖం ఆ రోజంతా వెలుగుతూనే ఉంది. నాకూ సంతోషమేసింది. ఇన్నేళ్లలో ఆ ఆలోచన మా ఎవరికీ రాలేదని కాస్త సిగ్గు కూడా వేసింది.

మర్నాటి నుంచి ఫాదర్ గారు నన్ను కునుకు తీయనివ్వలేదు. తెల్లవారగానే చౌరస్తాలో కూలీల అడ్డాకు లాక్కుపోయారు. పనికి పిలిచేవాళ్ల కోసం మనుషులు గుంపుగా నిలబడే చోటది. స్కూటర్ ఆగితే చాలు, చుట్టూ మూగుతారు. మేము ఆగితే మమ్మల్నీ మూగారు. పని లేదు, మాట్లాడాలని వచ్చామంటే సగం మంది వెళ్లిపోయారు. తాపీపని కురుమయ్య మాత్రం నిలబడ్డాడు. అతను మా గుడి మనిషే.

"పని కష్టం కాదు ఫాదర్," అన్నాడు. "రెక్కలున్నన్ని దినాలు చేస్తం. పేరు అడగరు, గదే కష్టం. ఏయ్ లేబర్ అంటరు. నేను గోడ లేపిన ఇంటికి పాలు పొంగిచ్చిన్నాడు పోతే, గేటు కాడ నిలబెట్టి పొట్లం చేతుల పెట్టిర్రు."

మధ్యాహ్నం ఫాదర్ గారు అశోక్‌నగర్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లతో చెట్టు నీడలో కూర్చున్నారు. బుగ్గమ్మ అనే ఆమె, తనకు చాయ్ పోసే గ్లాసు కిటికీ బయట గోడ మీద వేరుగా ఉంటుందని చెప్పింది. ఇంట్లో గిన్నెలన్నీ తోమేది ఆమే, ఆ గిన్నెల్లో ఒక్కటీ ఆమె నోటికి తగలకూడదు. జ్వరమొచ్చి రెండు దినాలు మానితే మూడో దినం ఇంకెవరో వచ్చేస్తారట. ఫాదర్ గారు ఒక్కటీ రాసుకోలేదు, విన్నారంతే. లేచేటప్పుడు మాత్రం చేతులు జోడించి, "పండుగకు అందరూ రావాలి. ఒక్కరూ మానకూడదు. ఆ రోజు మాటలన్నీ మీకోసమే" అన్నారు.

అక్కడే పొరపాటు జరిగింది. అప్పుడు నాకూ తట్టలేదు.

పండుగ నాడు గుడి నిండిపోయింది. పనిముట్లు బలిపీఠం ముందు కుప్పగా పడ్డాయి. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని వచ్చారు. వాళ్ల చీపుళ్లను మాత్రం మా గుడి సంఘం పెద్ద రాఘవేందర్ గారు చెప్పుల పక్కన పెట్టించారు. సచివాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, గుడికి ఎంతో చేశారు, కాని ఏది ఎక్కడ ఉండాలో ఆయనకు మహా పట్టింపు. సువార్త చదవడం అయింది. అందరూ కూర్చున్నారు. ఫాదర్ గారు ప్రసంగానికి నోరు తెరిచి, ముందు వరస చూసి ఆగిపోయారు. మాసమ్మ చోటు ఖాళీగా ఉంది.

"మాసమ్మ ఏది?" అన్నారు మైకులోనే.

"వంట కాడ ఉన్నది ఫాదర్, మీరు కానియ్యిండ్రి" అన్నారు రాఘవేందర్ గారు.

మాసమ్మకు బదులు పొయ్యి చూస్తామని ఒప్పుకున్న బుగ్గమ్మ, ఇంకో ఇద్దరూ గుళ్లోనే కూర్చుని ఉన్నారు. ఒక్కరూ మానకూడదని ఫాదర్ గారే కదా చెప్పింది! తక్కినవాళ్లు చూసుకుంటారులే అని ఎవరికి వాళ్లే అనుకుని వచ్చి కూర్చున్నారు. బుగ్గమ్మ నాలుక కరుచుకుని లేవబోయింది. ఆయన ఆమెను కూర్చోమని సైగ చేసి, పూజ వస్త్రాలతోనే పక్క తలుపులోంచి పెరట్లోకి నడిచారు. నేను వెనకాలే పరుగెత్తాను.

మాసమ్మ రాళ్ల పొయ్యిల మధ్య నిలబడి ఉంది. కొత్త చీర కొంగు నడుముకు దోపింది, ముఖం నిండా చెమట. ఒక దాని మీద బగారన్నం, ఒక దాని మీద పప్పు, ఇంకొక దాని మీద వంకాయ కూర.

"రా మాసమ్మా."

"ఎట్లొస్త ఫాదర్? పప్పు అడుగంటుతది. గింతమంది ఉపాసముంటరు." గొంతు మామూలుగానే ఉంది. కళ్లు మాత్రం తుడుచుకుంది. పొగ అనుకోమన్నట్టు నా వైపు చూసింది. "మీరు పోయి చెప్పుండ్రి. వచ్చే ఏడు ఇంట."

ఫాదర్ గారు తిరిగి లోపలికి వెళ్లారు. మైకు పట్టుకుని, "అందరూ లేవండి. మీ పనిముట్లు తీసుకోండి. ప్రసంగం పెరట్లో" అన్నారు.

"పూజ నడుమల ఏందిది ఫాదర్?" రాఘవేందర్ గారు లేచి అడ్డం వచ్చారు. "గట్ల ఎన్నడన్న ఉన్నదా?"

"పూజ ఇక్కడే పూర్తి చేస్తాను సార్. మాట మాత్రం, ఎవరి కోసమో వాళ్ల ముందు చెబుతాను. మీరు కూడా రండి."

జనం కదిలింది. తాపీలు, పారలు పట్టుకుని మగవాళ్లు, దారిలో తమ చీపుళ్లు అందుకుని ఆడవాళ్లు. పొయ్యిల చుట్టూ నిలబడ్డారు. మాసమ్మ గరిటె పట్టుకుని బిత్తరపోయి చూసింది. "కానీ, నీ పని నువ్వు చెయ్యి. నా పని నేను చేస్తాను" అన్నారు ఫాదర్ గారు.

అప్పుడు మొదలుపెట్టారు. మైకు లేదు, కాగితం లేదు.

"ప్రభువు బోధించింది కొద్ది ఏళ్లే. అంతకుముందు ఆయన జీవితమంతా చెక్క పొట్టులోనే గడిచింది. అప్పుడాయన్ను ఎవరూ గురువుగారూ అనలేదు. తలుపు ఎప్పుడిస్తావయ్యా అని అడిగారు. ఆ తలుపు సరిగ్గా మూసుకునేలా చేసి ఇచ్చాడు. అదే ఆయన మొదటి ప్రసంగం." కురుమయ్య తన తాపీ వైపు చూసుకున్నాడు.

"చివరి రాత్రి ప్రభువు, శిష్యులు భోజనానికి కూర్చున్నారు. కాళ్లు కడగాలి. అది ఇంట్లో పనివాళ్ల పని. ఆ ఇంట్లో ఆ రాత్రి పనివాళ్లు లేరు. ఎవరు లేస్తారా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన లేచాడు. నడుముకు తువాలు చుట్టుకున్నాడు, ఇదుగో, మాసమ్మ కొంగు చుట్టినట్టు."

"ఆగు ఫాదర్, పొగ కొడ్తది, ఇటు జరుగు" అంది మాసమ్మ. ఆయన జరిగారు. ఆమె గుండిగ అడుగుదాకా గరిటె దింపి తిప్పేవరకు ఆగి, మళ్లీ అందుకున్నారు.

"పని గొప్పది కాబట్టి మీరు గొప్పవాళ్లని చెబుదామని మొదట రాసుకున్నాను. తప్పు రాశాను. చేసేది మీరు కాబట్టి పని గొప్పది. మీరు ముందు, పని తరువాత. అందుకే పనివాడికి పేరుంది, కూలి ఉంది, జ్వరం వస్తే పడుకునే హక్కుంది. ఆరు రోజులు పని చెయ్యమన్న దేవుడే ఏడో రోజు కూర్చోమన్నాడు. మొదటి మాట చెప్పి రెండోది మింగేసే యజమాని, దేవుని మాటలో సగం దొంగిలించినట్టే." ఆయన చూపు కాసేపు, గుళ్లో ముందు వరసల్లో కూర్చునే మా పెద్దల మీద నిలిచింది. "మీ ఇంటి గిన్నెలన్నీ కడిగే చేతికి, తాగే గ్లాసు మాత్రం కిటికీ బయట ఎందుకుంది? ఇంటికి పోయి ఆ గ్లాసు లోపల పెట్టండి. ఇవాళ నేను చెప్పే పని అదొక్కటే."

బుగ్గమ్మ చీపురును గుండెకు పట్టుకుని ఏడ్చింది. నేను ఆ రోజు ఒక్కసారి కూడా కళ్లు మూయలేదు. ప్రసంగం అంటే ఏమిటో అంత వయసులో తెలిసింది నాకు.

తరువాత పనిముట్లన్నిటి మీద, చీపుళ్ల మీద కూడా తీర్థం చల్లారు. పొయ్యి వైపు చల్లబోతే, "మెల్లగ ఫాదర్, పప్పుల పడ్తది" అని మాసమ్మ మూత అడ్డం పెట్టింది. అందరూ గొల్లున నవ్వారు. పప్పు దించాక ఆమె కూడా గుళ్లోకి వచ్చి, మిగతా పూజంతా ముందు వరసలో కూర్చుంది.

భోజనాల దగ్గర ఫాదర్ గారు ఇంకో మాట అన్నారు. ఎప్పుడూ వండేవాళ్లు ఇవాళ మొదటి పంక్తి, ఎప్పుడూ మొదట తినేవాళ్లు ఇవాళ వడ్డన. మాసమ్మ ససేమిరా అంది. తినేవాళ్లకు సరిపోతుందో లేదో చూసుకోవాలంది. కురుమయ్య, బుగ్గమ్మ చెరో రెక్క పట్టి విస్తరి ముందు కూర్చోబెట్టారు. పప్పు గిన్నె ఎవరూ అందుకోకముందే రాఘవేందర్ గారు అందుకున్నారు. కోపం పోయిందో లేదో నాకు తెలియదు. ముఖం ముడుచుకునే ఉంది. మాసమ్మ దగ్గరికి వచ్చి, ఒక్క గరిటె వేసి ముందుకు సాగబోయారు.

ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. తల ఎత్తింది.

"సారూ," అని పిలిచింది. పంక్తి అంతా చేతులాపి చూసింది. "గింతేస్తే పని చేసే మనిషికి ఏం సరిపోతది? ఇంకింత ఎయ్యిండ్రి."

రాఘవేందర్ గారు వెనక్కి వచ్చారు. నడుము వంచి వేశారు. ఆమె కలుపుకుంది. ఇంకో గరిటె వేశారు. ఆమె వద్దనలేదు. గిన్నె పట్టుకుని ఆయన అక్కడే నిలబడ్డారు, ఆమె చాలు అనేదాకా.