మిషన్ బాగుందన్న మనిషి

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరే పెగలని మనిషికి ఊరు ఎలా మంచిదవ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ వీధి మలుపులో ఒక చిన్న కుట్టుకొట్టు ఉండేది. ఒకటే గది, ఒకటే మిషన్, గోడకు కొలతల కాగితాలు, మూల గంపలో గుడ్డపీలికలు. కొట్టు నడిపే అమ్మాయిని అందరూ గలగలమ్మ అనేవాళ్ళు. కత్తెర ఆగినా ఆమె నోరు ఆగేది కాదు. చొక్కా కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఇంటి కష్టాలన్నీ చెప్పుకుని, కొలతలివ్వడం మరిచిపోయి వెళ్ళిన రోజులున్నాయి. గుమ్మం పక్కన కుర్చీలో నానమ్మ కూర్చుని కాజాలు కుట్టేది. అక్షరమ్ముక్క రాదు గానీ సూదిలో దారం మాత్రం కళ్ళద్దాలు లేకుండా ఎక్కించేది.

మిషన్లు బాగుచేసే మాస్టారు ప్రతి గురువారం వచ్చేవాడు. అలాంటి మిషన్‌కు నెలకొకసారి నూనె పడితే చాలు. అయినా వారం వారం వచ్చేవాడు. "ఇటుగా వెళ్తున్నా" అనేవాడు గోడకేసి చూస్తూ. తల వంచుకుని స్క్రూలు విప్పేవాడు, బిగించేవాడు, మిషన్‌కు దారంతో కట్టి ఉన్న చీటీ మీద ఏదో రాసేవాడు, వెళ్ళిపోయేవాడు. ఎప్పుడు ఏం పని చేశారో రాసుకోవడానికి ప్రతి మిషన్‌కూ అలాంటి చీటీ ఉంటుంది. అది మెకానిక్‌ల గొడవని గలగలమ్మ ఏనాడూ తిప్పి చూడలేదు.

ఆ మనిషంటే ఆమెకు ఇష్టం. ఎందుకో తనకే తెలియదు. పాత మిషన్‌ను కూడా పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు పట్టుకుంటాడు, అందుకేనేమో. ఆమె పది మాటలంటే అతను ఒకటి అనేవాడు. ఆ ఒకటీ "ఊఁ". అదే ఎదురుగా గుండీల కొట్టు ఆవిడతో అయితే వానల గురించీ, మోటారు బెల్టుల గురించీ చక్కగా మాట్లాడేవాడు. అది చూసినప్పుడల్లా గలగలమ్మ గుండెలో ముల్లు గుచ్చుకునేది. 'అందరితో మాటలు, నాతోనే మూగనోము' అనుకునేది.

ఆమె మనసు వదిన పసిగట్టింది. వదినకు తెలిస్తే అన్నయ్యకు తెలిసినట్టే. "మిషన్ ఇంత బాగా చూస్తున్నారు, ఆదివారం మా ఇంట్లో భోజనం చేయండి" అని అన్నయ్య మాస్టారిని పిలిచాడు.

అతను వచ్చాడు. మడతలు కూడా పోని కొత్త చొక్కా వేసుకున్నాడు. బల్ల చుట్టూ అన్నయ్య, వదిన, వదిన చెల్లెలు, గలగలమ్మ, నానమ్మ. అతని కంచంలో వడ్డించింది వడ్డించినట్టే ఉంది. అన్నయ్యకు ఓపిక తక్కువ. ఉన్నట్టుండి అడిగేశాడు.

"సరే మాస్టారూ, డొంకతిరుగుడు ఎందుకు? మా చెల్లెలి గురించి మీరేమంటారు?"

బల్ల చుట్టూ పది కళ్ళు. అతని మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయింది. నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"మిషన్... మిషన్ బాగుంది" అన్నాడు.

వదిన చెల్లెలు ఫక్కున నవ్వింది. నవ్వొద్దని సైగ చేస్తూ వదిన కూడా నవ్వింది. అతను లేచాడు, చెయ్యి కడుక్కున్నాడు, "పని ఉంది" అని గొణిగాడు, చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే వెళ్ళిపోయాడు.

"పిల్లనడిగితే మిషన్ బాగుందన్నాడు! రేపు పెళ్ళిలో నూనెడబ్బా కట్నంగా అడుగుతాడేమో" అంది వదిన.

"నిండుకుండ తొణకదంటారు కదే" అంది నానమ్మ.

"ఖాళీ కుండ కూడా తొణకదుగా నానమ్మా!" అంది వదిన.

"ఎత్తి చూడు మరి, బరువు తెలుస్తుంది."

గలగలమ్మ మాత్రం నవ్వలేదు, ఏడవలేదు. ఆ రోజుకు ఆమె నోటికి తాళం పడింది. మర్నాడు గుండీల కొట్టు ఆవిడతో కబురు పంపింది: ఇకమీదట గురువారాలు రానక్కర్లేదు, మిషన్‌కు వేరే మనిషిని చూసుకుంటాను. అన్నయ్య అప్పటికే వంతెన అవతలి మెకానిక్‌తో మాట్లాడేశాడు. శనివారం వస్తానన్నాడట.

గురువారం వచ్చింది. ఆ వేళకు గుమ్మంలో నీడ పడలేదు. గలగలమ్మ ఒకే చొక్కా చేతిని రెండుసార్లు తిరగేసి కుట్టి, మళ్ళీ విప్పింది.

"మూడోసారి కూడా తిరగేసే కుడతావేమో గానీ, ఇటురా" అంది నానమ్మ. "ఆ మనిషికి నువ్వంటే లెక్కలేదనేగా నీ బాధ?"

"ఇంకేముంది నానమ్మా? బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇష్టమే ఉంటే ఒక్క మాట రాదా?"

"ఇష్టమున్న చోటే రాదు, పిచ్చిదానా. గుండీలావిడ ఏమనుకుంటే అతనికేంటి? పోయేదేం లేదు, అందుకే నాలుక ఆడుతుంది. నీ దగ్గర తప్పు మాట దొర్లితే అన్నీ పోతాయని భయం. ఆ భయం గొంతు పట్టుకుంటుంది. పైగా మీ అన్నయ్య పదిమంది మధ్యలో నిలబెట్టి గుడ్డ చింపినట్టు అడిగాడు. మాటకారివి, నీ నోరైనా లేచేదా?"

"మౌనం అర్ధాంగీకారం అని సరిపెట్టుకోమంటావా?"

"అబ్బే, అంతకంటే తప్పుడు మాట లేదు. నోరు మెదపని వాళ్ళలో ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. మౌనాన్ని చూసి ఏదీ తేల్చకూడదు. చుట్టూ ఉన్నది చూడాలి. ఇష్టం లేనివాడు రాడు, వచ్చినా త్వరగా పోతాడు, నువ్వన్నది మర్చిపోతాడు. ఈయన ఆదివారం ఎప్పుడొచ్చాడో తెలుసా? చెప్పిన వేళకు చాలాముందే. నేను కిటికీలోంచి చూశా. వీధిలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు, తనలో తాను పెదాలు కదుపుతూ. ఏం మాట్లాడాలో వల్లె వేసుకున్నాడు పాపం. వల్లె వేసిన పాఠం అన్నయ్య ప్రశ్నకు పనికిరాలేదు, అంతే."

గలగలమ్మ సూది పక్కన పెట్టింది.

"ఇంకోటి" అంది నానమ్మ. "నాకు చదువు రాదు. అయినా 'నూనె వేశాను' అని రాయడానికి అంతసేపు పట్టదని తెలుసు. వారం వారం ఆ చీటీ మీద ఏం రాస్తాడే?"

గలగలమ్మ చీటీ తిప్పింది. పైన పాత మెకానిక్ రాతలు: నూనె. బెల్టు. నూనె. వాటి కింద చిన్న గుండ్రటి అక్షరాలు మొదలయ్యాయి. పైకి చదివింది.

"'కుడి మోకాలు నొప్పి అన్నారు. తొక్కుడు పలక తేలిక చేశాను. నొప్పి తగ్గకపోతే ఇంకా వంచవచ్చు.'"

ఆ మాట అన్నట్టు ఆమెకే గుర్తు లేదు. ఎప్పుడో ఎవరితోనో అంటుంటే అతను విన్నాడు.

"'సాయంత్రం సూది కనిపించడం లేదన్నారు. సూది పక్కన తెల్లరేకు బిగించాను, వెలుతురు పడుతుంది.'"

రేకు చూసింది. నెలలుగా అక్కడే ఉంది. మిషన్‌తో పాటు వచ్చిందనుకుంది.

"'చప్పుడుకు మాటలు వినిపించడం లేదని నవ్వారు. కింద తోలు ముక్కలు పెట్టాను. ఇప్పుడు మాటలు వినిపిస్తాయి.'"

ఆ చివరి ముక్కను గలగలమ్మ రెండుసార్లు చదివింది.

"చూశావా, కుండ బరువు?" అంది నానమ్మ. "కానీ తల్లీ, ఇదంతా చూసి అతని తరఫున నువ్వే జవాబు చెప్పేసుకోకు. మంచితనం కూడా కావచ్చు. అడగాలి. అడిగే తీరున అడగాలి. ఎదురుగా నిలబడి కళ్ళలోకి చూడకు. పక్కన కూర్చో. చేతికి పని ఇవ్వు. ఒక మాట అడిగి నోరు మూసుకో. నీకది చాలా కష్టం, నాకు తెలుసు. కాదనడానికి కూడా దారి వదులు."

గలగలమ్మ చీటీ విప్పి, ఉన్న రాతల కింద తన రాత రాసింది. మిషన్‌లో కింద దారం ఉండే బాబిన్ కేసు తీసి చీటీలో చుట్టి బయల్దేరింది.

మాస్టారి కొట్టు రెండు వీధుల అవతల. బల్ల నిండా విప్పిన మిషన్లు, నూనెమరకల గుడ్డలు. ఆమెను చూడగానే అతను లేవబోయి స్క్రూలడబ్బా పడేశాడు. "అయ్యో" అనలేదు ఆమె, నవ్వలేదు. వంగి తానూ నాలుగు స్క్రూలు ఏరింది. బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీ వదిలేసి, అతని పక్క స్టూలు మీద కూర్చుంది. ఇద్దరి చూపూ గోడ వైపే.

"కింద దారం బిగువు తప్పింది. చీటీ కూడా తెచ్చాను" అని బాబిన్ కేసు చేతిలో పెట్టింది.

అతను చీటీ విప్పి చదివాడు.

'ఇవన్నీ ఈ రోజే చదివాను. ఆలస్యమైంది, క్షమించండి. ఆదివారం అందరి ముందూ అలా అడగడం తప్పు. వచ్చే గురువారం పని అయ్యాక కాసేపు టీకి ఉంటారా? ఉండాలని నాకుంది. మీకు లేకపోతే మామూలుగా మిషన్ పనికే రండి, నేనేమీ అనుకోను.'

ఆమె నోరు మూసుకుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని లోపల అంకెలు లెక్కపెట్టింది. ఇరవై. ముప్ఫై. అతను బాబిన్ కేసు మీది చిన్న స్క్రూ తిప్పాడు, దారం లాగి చూశాడు, మళ్ళీ తిప్పాడు. నలభై. 'లేదు, రాడు' అనుకుంది. అయినా కదల్లేదు.

"నేను..." అన్నాడు. ఆగాడు. ఆమె ఆ మాటను పూర్తి చేయడానికి సాయపడలేదు. "నేను ఇంటికెళ్ళి... ఆ రోజంతా అదే తలుచుకున్నా. రాత్రి కూడా. ఏమని ఉండాల్సిందో వందసార్లు చెప్పుకున్నా. ఇంట్లో అయితే అన్నీ వస్తాయి. మీ ఎదురుగా నిలబడితే తల్లోంచి కడిగేసినట్టు పోతాయి."

"ఊఁ" అంది ఆమె. జీవితంలో మొదటిసారి ఒక్క అక్షరంతో ఆగింది.

"రావద్దన్నారని కబురొచ్చాక... గుండీలావిడ కొట్టు దాకా వచ్చి వెనక్కి వెళ్ళా. ఈ రోజే." స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "ఆదివారం నేను చెప్పబోయింది మిషన్ గురించి కాదు."

"తెలుసు. అయినా మిషన్ బాగానే ఉందిగా?"

అతను నవ్వాడు. చిన్న నవ్వు కాదు, భుజాలు ఊగేంత నవ్వు. ఆ నవ్వుతో ఇన్నాళ్ళూ చెవుల దాకా ఎత్తి పెట్టుకున్న భుజాలు కిందికి దిగాయి. ఆమె గుండె మీది రాయి కూడా అప్పుడే దిగింది. బాబిన్ కేసు బిగించి ఆమె చేతిలో పెట్టాడు.

లేచేటప్పుడు అతను చీటీ తీసుకుని, మెల్లగా, తల వంచుకుని రాశాడు. చాలాసేపు రాశాడు. ఆమె చేతికిచ్చి, "ఇంటికెళ్ళి చదవండి" అన్నాడు.

ఆమె ఇంటిదాకా ఆగితే కదా! మలుపు తిరగ్గానే చదివింది. చదివింది చదివినట్టు నానమ్మకు వినిపించలేదు. "ఏమన్నాడే?" అని మూడుసార్లు అడిగినా, "గురువారం టీకి ఉంటాడట" అని మాత్రం అంది. నానమ్మ కాజా దారం పళ్ళతో కొరికి, "ఓహో, ఇప్పుడు నీకూ మాటలు రావడం లేదన్నమాట" అంది.

సాయంత్రం వదిన వచ్చి వంతెన అవతలి మెకానిక్ సంగతి అడిగింది. "రావద్దని చెప్పు వదినా" అంది గలగలమ్మ. "నా మిషన్ బాగుంది."