తొందరేం లేదన్న గడియ

రాత్రంతా వాన. తెల్లారేసరికి ఆ నాలుగంతస్తుల భవనానికి మేనేజరైన కోడలి ఫోను మోగుతూనే ఉంది. మెట్ల కింద చిన్న గదిలో ఆమె ఆఫీసు. ఆ గదిలోనే ఓ మూల మావగారి పనిముట్ల పెట్టె. ఆయన రిటైరైన ఫిట్టరు. ఇంట్లో కూర్చుంటే ఒళ్ళు తుప్పు పడుతుందని రోజూ ఆమె వెంట వచ్చేస్తాడు.

పై అంతస్తు వాళ్ళ హాల్లో సీలింగు లైటులోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండో అంతస్తు టీచరమ్మకి వంటింటి కుళాయి బొట్లుబొట్లుగా కారుతోంది. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే బామ్మగారు బాత్రూం తలుపు గడియ పట్టేస్తోందని నిన్న సాయంత్రమే చెప్పారు. చెబుతూనే, "తీరికున్నప్పుడు చూడమ్మా, తొందరేం లేదు," అన్నారు.

కోడలు ముందు పై అంతస్తుకి ఫోన్ చేసింది. "మెయిన్ స్విచ్ కట్టేయండి. ఆ బోర్డు మీద తడి ఉంటే మాత్రం ముట్టుకోకండి, కింద మీటర్ల దగ్గర నేనే కట్టేస్తా. లైటు జోలికెళ్ళకండి."

ఆమె ఫోను పెట్టేలోగా మావగారు నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"ఆ లైటు విప్పి చూసొస్తా. దానికి ఎలక్ట్రీషియన్ ఎందుకు? నాకు కరెంటంటే భయమా?"

"మీకు లేదు. మీరంటే కరెంటుకీ లేదు. అదే నా బాధ."

ఆయన మూతి ముడుచుకున్నాడు. ఆమె మెత్తబడింది. "నీళ్ళు కరెంటుతో కలిసిన చోట మనం చెయ్యి పెట్టం. ఎలక్ట్రీషియన్ని పిలుస్తున్నా. కానీ నీళ్ళు ఎక్కడ ఆగాయో మీరే చూడాలి."

ఆ మాటతో ఆయన హుషారుగా డాబా ఎక్కాడు. అనుకున్నట్టే నీళ్ళు పోయే కంతకి ఆకులు, ఓ పాలిథిన్ సంచీ అడ్డం పడ్డాయి. డాబా చెరువులా ఉంది. చేత్తో లాగేసరికి నీళ్ళు గడగడమని దిగిపోయాయి. అడుగున మాత్రం సిమెంటు పగిలి పొడుగ్గా ఒక చీలిక కనిపించింది. ఆయన కిందికొచ్చి, "అది నా వల్ల కాదమ్మాయ్, వాటర్‌ప్రూఫింగ్ వాళ్ళని పిలు. డాబా ఎండాకే చెయ్యమను," అన్నాడు. ఆయన నోట 'నా వల్ల కాదు' అన్న మాట వినడం ఆమెకి అదే మొదలు.

ఎలక్ట్రీషియన్ పైకెళ్ళాక మావగారు టీచరమ్మ కుళాయికి వాషర్ మార్చాడు. ఆ తర్వాత గోడవారన నడుస్తుంటే బామ్మగారి బాత్రూం కిటికీలోంచి టక్‌టక్‌మని చప్పుడు. ఎవరో మగ్గుతో పైపుని కొడుతున్నారు.

"బామ్మగారూ?"

"నువ్వా నాయనా? లోపలి పిడి ఊడి చేతికొచ్చేసింది. పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నా."

ఆయన అరుపు విని కోడలు ఆ ఇంటి స్పేర్ తాళంచెవితో పరుగెత్తుకొచ్చి వీధి తలుపు తీసింది. బాత్రూం బయటి పిడి తిప్పితే ఊరికే గిర్రున తిరుగుతోంది. మావగారు మోకాళ్ళ మీద కూర్చుని, లోపలున్న బామ్మగారితో కబుర్లాడుతూనే పిడి కిందున్న రేకు మరలు విప్పాడు. లోపల కనిపించిన చదరపు కంతలో స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తిప్పాడు. తలుపు తెరుచుకుంది.

బామ్మగారు తిరగేసిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. చెయ్యి చన్నీళ్ళలా చల్లగా ఉంది. కోడలు ఆమెని నడిపించుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వేడి పాలు తాగించింది.

"నేనే వెనక్కి నెట్టాను బామ్మగారూ. గడియే కదా అనుకున్నా. ఒంటరిగా ఉండే మనిషి ఇంటి గడియ అని ఆలోచించలేదు."

"నేనే కదమ్మా తొందర లేదన్నా. నువ్వేం చేస్తావ్?" అన్నారామె. "అయినా మీ మావయ్యతో ఇంతసేపు మాట్లాడే భాగ్యం తలుపు మూసుకుంటేగానీ దొరకలేదు."

మావగారు సిగ్గుపడుతూ పాత గడియ ఊడదీశాడు. అవసరమైతే బయటినుంచి కూడా తెరవగలిగే కొత్తది బిగించాడు. మరలు చిన్నవి, ఆయన చూపు ఆనడం లేదు. "అమ్మాయ్, కాస్త పట్టుకో," అన్నాడు. ఆమె పక్కన చతికిలబడి ఒక్కొక్క మరా అందించింది. అయ్యాక లోపలికెళ్ళి తలుపేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుని చూసింది.

"ఇక మీదట ఏది పాడైందని మాత్రమే కాదు, ఆ ఇంట్లో ఎవరున్నారని కూడా అడుగుతా మావయ్యా."

"అడుగు. నా సంగతి కూడా అడుగుతుండు."

అంతలో టీచరమ్మ ఫోను. కుళాయి మళ్ళీ కారుతోందట. కోడలు నవ్వాపుకుంటూ మావగారివైపు చూసింది.

"వాషర్ సైజు తప్పినట్టుంది," గొణిగాడాయన. బామ్మగారి మంచం పక్కన కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "బొట్లే కదా. ప్రస్తుతానికి కింద గిన్నె పెట్టుకోమను."