లేసు గుడ్డ కింద వెలుగు

ఇంద్రజ ధ్యాసంతా సోమవారం మీదే. బాతెల్ అనే ఊళ్ళో ఆమె పనిచేసే కంపెనీ కొత్త వైర్‌లెస్ కీబోర్డుకి ఏ బ్యాటరీ వేయాలో ఆ రోజే తేల్చేస్తుంది. ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, అక్షరాల కింద లైటు ఉన్నది ఇంద్రజ నమూనా. లైటు లేకుండా రెండు పెన్సిల్ సెల్స్‌తో ఏడాది నడిచేది తోటి ఇంజనీరు వేణుమాధవ్‌ది. ఓడిపోతే ఇంద్రజ ఏడాది కష్టం చెత్తబుట్టలోకే.

ఇంట్లో వాడి చూడమని కంపెనీ చెప్పింది. ఇంద్రజ తన నమూనాని మామగారు సాంబశివరావుకి ఇచ్చింది. ఆయన రోజూ గంటసేపు ఈమెయిళ్ళు రాసుకుంటారు. ఆ మాత్రానికి ఒక్క ఛార్జ్ వారాలపాటు రావాలి. మూడో రోజుకే వచ్చేది ఆయన కేక.

"అమ్మాయీ, నీ కీబోర్డు మళ్ళీ చచ్చింది!"

బ్యాటరీ మార్చింది, బోర్డు మార్చింది. ఆఫీసులో బుద్ధిగా పనిచేసే ఆ మహాతల్లి కీబోర్డు ఇంటికొస్తే మొండికేసేది. ఇంద్రజకి ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం సాయంత్రం, గదిలో ఇంకా లైటు వేయకముందు, అత్తగారు రాజేశ్వరమ్మ తాను అల్లిన లేసు గుడ్డని కీబోర్డు మీద కప్పింది. ఆ లేసు కన్నాల్లోంచి తెల్లటి వెలుగు. అది ఆరనే లేదు.

"అత్తయ్యా! రోజూ కప్పుతున్నారా?"

"దుమ్ము పడదూ? ఎంత ముచ్చటగా వెలుగుతుందో అని వచ్చి చూసుకుంటాను కూడా."

ఇంద్రజ నెత్తి కొట్టుకుంది. చెయ్యి దగ్గరికొస్తే లైటు వెలగాలని సెన్సర్ పెట్టింది తనే. అది గుడ్డని చెయ్యి అనుకుంటోంది. కీలు నొక్కడానికి ఖర్చయ్యేది ఇసుమంత. బ్యాటరీని తాగేసేది లైటే, అదీ రాత్రింబవళ్ళు.

అరనిమిషం ఏ కీ నొక్కకపోతే, సెన్సర్ ఏమన్నా సరే, లైటు ఆరిపోయేలా ప్రోగ్రామ్ మార్చింది. గుడ్డ కప్పి ఉంచింది. తెల్లారేసరికి ఛార్జ్ ఎక్కడిదక్కడే ఉంది. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

మీటింగ్‌లో అంతా చెప్పగానే వేణుమాధవ్ నవ్వేశాడు. "కీబోర్డుకి గుడ్డ కప్పేవాళ్ళెవరండీ? దీనికోసం డిజైన్ చేస్తామా?"

ఇంద్రజ అతని నమూనాకేసి చూసింది. ఇంట్లో నెల రోజులు వాడి తెచ్చాడు. డబ్బాలోంచి వచ్చిన ప్లాస్టిక్ కవరు ఇంకా దాని మీదే ఉంది.

"అది... మా అమ్మ తీయనివ్వలేదు," అన్నాడు నసుగుతూ.

గదంతా నవ్వులతో ఘొల్లుమంది. మేనేజర్ కళ్ళు తుడుచుకుని, కప్పేవాళ్ళు ఇంటింటా ఉన్నారంటూ ఇంద్రజ నమూనాకే సరే అన్నాడు.

ఆమె గాల్లో తేలుతూ ఇంటికొచ్చేసరికి రాజేశ్వరమ్మ గుడ్డ ఎత్తి చూస్తోంది. ముఖం చిన్నబోయింది.

"ఇంక వెలగదా అమ్మా?"

ఇంద్రజకి ప్రాణం ఉసూరుమంది. కూర్చుని ఆ ఒక్క కీబోర్డుకి పాత ప్రోగ్రామ్ మళ్ళీ ఎక్కించింది. సెల్స్ కొని మార్చే పనేమీ లేదు కదా, వైరు తగిలిస్తే చాలు. అప్పటినుంచి మూడు రోజులకోసారి, మామగారు కేక వేయకముందే, తనే ఛార్జింగ్ పెడుతోంది.