సబ్బునీళ్ళలో ఏ రంగు?

బీకరుకు బదులు గాజుగ్లాసు, డ్రాపరుకు బదులు చెంచా, వెనిగరుకు బదులు నిమ్మరసం: తెలుగు బడిపిల్లల పుస్తకం కోసం ఇంతవరకు ఎవరైనా మార్చగలరు. చిక్కు ఎర్ర క్యాబేజీ దగ్గర వచ్చింది. ఇంగ్లీషు వర్క్‌షీటులో దాని రసమే ప్రయోగానికి ప్రాణం. పులుపు తగిలితే గులాబీ రంగు, సబ్బు తగిలితే ఆకుపచ్చ. మా పిల్లల్లో నూటికి తొంభైమంది దాన్ని కంటితో చూసి ఉండరు.

ముప్పై నాలుగేళ్ళు రసాయనశాస్త్రం బోధించిన నేను ఆ ఒక్క పేజీకి తొమ్మిది రోజులు వెచ్చించాను. ఎర్ర మందార రేకులను వేడినీళ్ళలో నానబెట్టి మూడుసార్లు పరీక్షించాను. నిమ్మరసంలో గులాబీ, సబ్బునీళ్ళలో ఆకుపచ్చ. పరిశీలనల పట్టికలో ఒక్క అక్షరం మార్చనక్కరలేకపోయింది. తృప్తిగా అచ్చుకు పంపించాను.

అచ్చయిన పుస్తకం మా మనవరాలి బడిసంచిలో ఇంటికి వచ్చింది. దాని ముద్దుపేరు పిచ్చుక. వంటింటి గట్టు మీద గ్లాసులు పేర్చి, ముందు పుస్తకం తెరిచింది.

"అమ్మమ్మా, పసుపు డబ్బా ఇలా ఇయ్యి."

"పసుపెందుకే? మందారాలు కదా?"

"ఇందులో పసుపనే ఉంది. నువ్వు రాసిందేగా, మర్చిపోయావా?"

చూశాను. మందార ఉన్నచోటల్లా పసుపు ఉంది. తయారీ విధానాన్ని కూడా శ్రద్ధగా మార్చారు: అరచెంచా పసుపు, అరగ్లాసు నీళ్ళు. పరిశీలనల పట్టికను మాత్రం ఎవరూ తాకలేదు. పసుపు పులుపులో రంగు మారదు, సబ్బులో ఎర్రబడుతుంది. పట్టిక మాత్రం గులాబీ, ఆకుపచ్చ అంటున్నది.

పిచ్చుక నిమ్మరసం వేసింది. ఏమీ మారలేదు. సబ్బునీళ్ళు పోసింది. ఎర్రబడింది.

"అబ్బ, రక్తంలా ఉంది! పుస్తకంలో ఆకుపచ్చ అని ఉందేంటి?"

"నీ కంటికేం కనబడిందో అదే రాయి."

ఎరుపు అని రాసింది. ఎంత నొక్కి రాసిందంటే, పెన్సిలు ములుకు విరిగింది.

పుస్తక సంపాదకుడికి ఫోను చేశాను. అతనికి ముప్పై ఏళ్ళుంటాయి. వినయం లోపించిందని ఎవరూ అనలేరు.

"మేడమ్ గారూ, పూలు అందరిళ్ళలో ఉండవని కమిటీ అందండీ. పసుపు లేని ఇల్లుండదు కదా!"

"కమిటీ పట్టిక చదవలేదా?"

"సామాన్ల జాబితా ఒక్కటే వాళ్ళకి పంపుతామండీ. దొరుకుతాయా లేదా అని చూసేది వాళ్ళు. మిగతా పేజీలు వాళ్ళ పని కాదు."

"మార్చాక ఒక్కరైనా చేసి చూశారా?"

"మీరు చేశారు కదండీ ముందే!"

గుర్రానికి పరీక్ష పెట్టి గాడిదకు సర్టిఫికెట్ ఇచ్చినట్టుందన్నాను. అతను మర్యాదగా నవ్వి, వచ్చే ముద్రణలో చూద్దామన్నాడు. ఈ ముద్రణ అప్పటికే బడులన్నింటికీ చేరింది.

నాలుగోనాడు పిచ్చుక నోటుపుస్తకం తిరిగి వచ్చింది. ఎరుపు మీద ఇంటు గుర్తు. కింద: "సవరించి రేపు చూపించుము."

అప్పటికప్పుడే బడికి వెళ్ళాను. సైన్సు పంతులమ్మ ఒకప్పుడు నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న పిల్లే. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"టీచర్, నాక్కూడా ఎరుపే వచ్చింది."

"మరి ఇంటు ఎందుకు పెట్టావు?"

"జవాబుల కీ వేరే వచ్చింది టీచర్, పైనుంచి. ఆకుపచ్చ అని ఉంది అందులో. తనిఖీకొచ్చేవాళ్ళు నోటుబుక్కులన్నీ దాంతోనే సరిచూస్తారు. క్లాసులో నలభై మంది. ముప్పైతొమ్మిది మంది ఆకుపచ్చే రాశారు."

"వాళ్ళకు ఆకుపచ్చ కనబడిందా?"

ఆమె తలదించుకున్నది. "మీరే చెప్పండి టీచర్, నేనేం చెయ్యను?"

ఆమె ఉద్యోగం పణంగా పెట్టమనే హక్కు నాకు లేదు. ఇంటికి వచ్చి కమిటీకి ఈమెయిల్ రాశాను. అందినట్టు వెంటనే రసీదు వచ్చింది, అంతే.

ఆ సాయంత్రం పిచ్చుక భోజనాల బల్ల దగ్గర నోటుపుస్తకం తెరిచింది. నేను గ్లాసులు కడిగి తెచ్చాను.

"మళ్ళీ చేసి చూద్దామా?"

"వద్దులే అమ్మమ్మా. మళ్ళీ ఎరుపే వస్తుంది."

"వస్తే ఎరుపే ఉంచు."

"అందరూ నన్ను ఎర్ర పిచ్చుకా అంటున్నారు." పుస్తకం చివరి పేజీ తిప్పి, వేలు పెట్టి చూపింది. తెలుగు అనుసరణ అన్నచోట నా పేరు, డిగ్రీలతో సహా. "నువ్వు ఇంట్లో ఒకటి చెప్తావు, పుస్తకంలో ఇంకోటి రాస్తావు. రెంటికీ నీ పేరే. మరి నేనేది నమ్మను?"

మందార, కమిటీ, జాబితా: మొదటినుంచీ చెప్పాను. సగంలోనే రబ్బరు తీసింది. ములుకు విరిగినచోట కాగితం లోతుగా పడింది. ఎంత రుద్దినా ఆ గుంట పోలేదు. దాని మీదే గుండ్రటి అక్షరాలతో రాసింది, ఆకుపచ్చ అని.

తరువాత ఖాళీగా వదిలిన నిమ్మరసం గడిలోకి వెళ్ళి, నన్ను అడగకుండానే గులాబీ అని రాసుకున్నది.