ఎడమ కంటి సాక్ష్యం

నా తలనొప్పి పోయిన రోజే నా పరువూ పోయింది.

కొన్నేళ్ళుగా నా తలలో ఎడమ సగం నా మాట వినేది కాదు. కుడి సగం మాత్రం పక్కింటి గొడవ పట్టనివాళ్ళలా హాయిగా ఉండేది. ఎడమవైపు నొప్పి పొద్దస్తమానం ఉండనే ఉండేది, మధ్యమధ్య పేట్రేగిపోయేది. అప్పుడు ఆ కన్ను ఎర్రబడి నీరు కారేది, రెప్ప వాలేది, ఆ వైపు ముక్కు బిగుసుకునేది. నేను కారు నడపడం నేర్పుతాను. పక్క సీట్లో కూర్చుని ఒంటికంటితో ఏడుస్తుంటే, నేర్చుకునేవాళ్ళు హడలిపోయేవారు.

"సారీ మేడమ్, ఇంకెప్పుడూ అలా బ్రేకు తొక్కను."

"నీ వల్ల కాదులే నాయనా, ముందు రోడ్డు చూడు!"

అయినా నమ్మేవారు కాదు. బహుశా ఆ భయంతోనే నా దగ్గర నేర్చుకున్నవాళ్ళంతా పాసయ్యేవారు.

ఎక్కని డాక్టరు మెట్టు లేదు. సైనస్ అన్నారు, మైగ్రేన్ అన్నారు, కళ్ళజోడు మార్చారు. పళ్ళ డాక్టరు ఒక పన్ను పీకాడు, పాపం దానికి ఏ పాపమూ తెలియదు. చివరికి నరాల డాక్టరమ్మ దగ్గర తేలాను.

"నొప్పి ఎప్పుడైనా కుడివైపుకి వెళ్ళిందా?"

"లేదండీ. కాపురం ఎడమవైపే."

ఆవిడ స్కాన్ చూసి, వేరే జబ్బేమీ లేదని తేల్చుకుని, ఇండోమెథాసిన్ మాత్ర రాసింది. కడుపు పాడవకుండా ఇంకో మాత్ర. "ఏదైనా తిన్నాకే వేసుకోండి. మీ జబ్బు పేరు హెమిక్రేనియా కంటిన్యువా, అంటే ఒకవైపే విడవకుండా ఉండే తలనొప్పి. నా అనుమానం నిజమైతే, ఈ మాత్రకి నొప్పి కాస్త తగ్గడం కాదు, పూర్తిగా పోవాలి. ఆపితే మళ్ళీ వస్తుంది. ఎంత తక్కువ మోతాదుతో సరిపోతుందో తర్వాత చూద్దాం" అంది.

మొదటి మోతాదు చాలక డాక్టరమ్మ పెంచిన మర్నాడు లేచాను. తల తడుముకున్నాను. నొప్పి లేదు. ఎంత వెతికినా లేదు. ఆనందం పట్టలేక ఏడ్చాను, అదీ రెండు కళ్ళతో.

మా అత్తగారు విని ముక్కున వేలేసుకుంది. "చిన్న మాత్రకి పోయిందా? అయితే అదీ ఒక నొప్పేనా?"

"పెళ్ళిళ్ళూ పేరంటాలూ భలే తప్పించుకున్నావు వదినా!" అంది ఆడపడుచు.

మా ఆయన నావైపూ చూడలేదు, వాళ్ళవైపూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు పడ్డ బాధ ఒక్క పూటలో అబద్ధమైపోతుందా?

"ఆదివారం అందరూ రండి. మాత్ర మానేసి మీ ముందే కూర్చుంటాను" అన్నాను.

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెబితే, "నొప్పికి సాక్షులెందుకమ్మా? వద్దు" అంది.

"మీకు అత్తగారు లేరు కాబోలు."

"ఉన్నారు. సరే, నొప్పి రాగానే ఏదైనా తిని మాత్ర వేసుకోండి."

ఆదివారం హాల్లో కుర్చీలు వేశారు. అందరికీ నా ఎడమవైపే కావాలి. కుడివైపు కూర్చుంటే ఏం కనిపిస్తుందని ఆడపడుచు అలిగింది. వచ్చిందా, ఇంకా రాలేదా అని అడిగి అడిగి విసుగెత్తించారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ ఆవులిస్తున్నప్పుడు వచ్చింది.

కన్ను ఎర్రబడింది. రెప్ప వాలింది. నీరు కారింది. కూర్చోలేక లేచి అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను.

"వచ్చింది! వచ్చింది!" అని ఆడపడుచు చప్పట్లు కొట్టింది. మరిది అద్దం ముందు నిలబడి ఒంటికంటితో ఏడవడానికి ప్రయత్నించి, "చచ్చినా కావట్లేదు, ఇది నటన కాదు" అని తీర్పు చెప్పాడు. మా ఆయన ముఖం పాలిపోయింది.

"ఇన్నేళ్ళూ ఇలాగేనా?" అన్నాడు.

"ఇలాగే. మీరు పక్కనే ఉన్నారు" అన్నాను. "నా మాత్ర ఇవ్వండి."

"కాస్త ఓర్చుకోవే! మా అన్నయ్య దారిలో ఉన్నాడు. అందరికంటే నమ్మనిది వాడే. వాడు చూసేదాకా ఉండనీ" అంది అత్తగారు.

ఓర్చుకోవడమా! మా ఆయన లేచి కంచంలో తిండి పెట్టి, మాత్రలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. తిని, వేసుకున్నాను. అత్తగారు నా చెంప మీద నీరు తన కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. తుడిచేకొద్దీ కారుతూనే ఉంది.

వాళ్ళన్నయ్య వచ్చేసరికి సాయంత్రమైంది. నొప్పి పోయింది.

"ఏదీ? అమ్మాయి నిక్షేపంలా ఉందిగా! ఏదమ్మా, ఇంకోసారి రానీ, చూద్దాం."

అత్తగారు విసురుగా లేచింది. "నీకోసం మళ్ళీ రాదన్నయ్యా. నేను చూశాను, చాలు. ఇంకెవరైనా నా కోడలిది వేషమంటే నాతో మాట్లాడండి."

నాకు రెండు కళ్ళూ నిండిపోయాయి. కళ్ళు తుడుచుకునేలోపే ఆవిడ చూసేసింది.

"అయ్యో, కుడి కంటికి కూడా పాకిందిరా!" అని కేక పెట్టి, మాత్రల డబ్బా కోసం వంటింట్లోకి పరిగెత్తింది.